రెండు ముళ్లు, రెండు జబ్బులు: సెల్లు మార్చాక పన్నెండు తప్పిన ఒక క్రోనో వాచీ

విజయవాడ గవర్నర్‌పేటలో నా కొట్టుకు ఈ వాచీ రెండుసార్లు వచ్చింది. మొదటిసారి పావుగంటలో బాగుచేసి పంపాను. రెండోసారి వచ్చినప్పుడు, మొదటిసారి నేను చేసింది సగం పనేనని తెలిసింది. కేసు రాయడానికి కారణం ఆ రెండో సగమే.

వాచీ ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారిది, ఊరు మంగళగిరి. స్టీలు పట్టీ, మధ్యలో పొడవాటి ఎర్ర ముల్లు, డయల్ మీద మూడు చిన్న డయల్స్, పక్కన కీకి పైన ఒక బటన్, కింద ఒక బటన్. అంటే స్టాప్‌వాచ్ ఉన్న క్వార్ట్జ్ క్రోనో. లోపలి మిషను స్విట్జర్లాండ్ రోండా 5030.డి రకం. అమెరికాలో ఉన్న అబ్బాయి పంపాడట. సెల్లు అయిపోతే వేరేచోట మార్పించారు, అప్పటినుంచీ ముళ్లు సరిగ్గా లేవని ఫిర్యాదు.

"ఏమయ్యా, సెకన్ల ముల్లు ఆగిపోయింది. ఇంకో చిన్న ముల్లు కూడా పక్కకు పోయింది. టైమ్ మాత్రం కరెక్ట్‌గానే చూపిస్తోంది. ఇదేం లెక్క?" అన్నారు.

పొడవు ముల్లు ఆగిపోలేదని ముందు చెప్పాను. క్రోనో వాచీ కొత్తగా చూసేవాళ్లంతా ఇక్కడే పొరబడతారు. మధ్యలోని పొడవాటి ముల్లు స్టాప్‌వాచ్‌ది. పై బటన్ నొక్కితేనే కదులుతుంది, మిగతా సమయమంతా పన్నెండు మీద ఊరికే నిలబడి ఉండాలి. మామూలు సెకన్లు ఒక చిన్న డయల్లో తిరుగుతుంటాయి. ఆ చిన్న ముల్లు తిరుగుతోంది కాబట్టి వాచీ బతికే ఉంది. అసలు తేడా ఏమిటంటే, పొడవు ముల్లు పన్నెండు మీద కాకుండా మూడు గీతలు దాటి నిలబడింది. స్టాప్‌వాచ్ నిమిషాలు చూపే చిన్న ముల్లు సున్నా మీద కాకుండా నాలుగు దగ్గర ఉంది.

అప్పుడు మాస్టారు ఇంకో మాట కూడా అన్నారు. "పెద్దది సెల్లు వేసిన రోజు బాగానే ఉంది. రెండు రోజుల తర్వాత జరిగింది. చిన్నది మాత్రం మొదటి నుంచీ అక్కడే ఉంది." నేను "ఆఁ ఆఁ, చూద్దాం లెండి" అన్నాను. ఆ మాటను పట్టించుకోలేదు. కేసు మొత్తం ఆ రెండు వాక్యాల్లోనే ఉంది.

చిన్న ముల్లు సంగతి ముందు చెబుతాను. అది తేలిక, ఎక్కువ వాచీల్లో జరిగేదీ అదే.

క్వార్ట్జ్ వాచీలో ఒక స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఐసీ అనే చిప్పు ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగానికి సగం చేస్తూ పోయి, చివరికి సెకనుకు ఒక కరెంటు దెబ్బగా మారుస్తుంది. ఒక్కో దెబ్బకు బుల్లి మోటారులోని అయస్కాంతం సగం చుట్టు తిరుగుతుంది, పళ్లచక్రాల మీదుగా ముల్లు ఒక అడుగు వేస్తుంది. క్రోనో వాచీలో ఇలాంటి మోటార్లు ఒకటికి మించి ఉంటాయి.

ఇందులో గమనించాల్సింది ఒకటే. ముల్లు ఎక్కడుందో ఐసీకి కనబడదు. దానికి కళ్లు లేవు. తాను ఎన్ని దెబ్బలు పంపిందో లెక్క మాత్రమే దాని దగ్గర ఉంటుంది. స్టాప్‌వాచ్‌ను సున్నాకు రమ్మంటే, పంపిన దెబ్బల లెక్క చూసుకుని మిగిలినన్ని పంపుతుంది. లెక్క మొదలైనప్పుడు ముల్లు పన్నెండు మీద ఉంటే తిరిగి పన్నెండు మీదకే వస్తుంది. నాలుగు దగ్గర ఉంటే తిరిగి నాలుగు దగ్గరకే వస్తుంది. ఐసీ దృష్టిలో ఆ నాలుగే సున్నా.

సెల్లు తీయగానే ఆ లెక్క చెరిగిపోతుంది. కొత్త సెల్లు పడగానే, ముల్లు అప్పుడు ఎక్కడుంటే అదే సున్నా అనుకుని లెక్క మొదటి నుంచి మొదలవుతుంది. స్టాప్‌వాచ్ నడుస్తుండగా సెల్లు అయిపోయిందంటే ముళ్లు దారి మధ్యలో ఎక్కడో ఆగిపోతాయి. మాస్టారి వాచీలో జరిగింది ఇదే. చొక్కా చేతి అంచు తగిలో, మనవడి చేతిలోనో పై బటన్ ఎప్పుడో నొక్కుకుని ఉంటుంది. స్టాప్‌వాచ్ నడుస్తూ నడుస్తూ నాలుగో నిమిషం దగ్గర సెల్లు ప్రాణం వదిలింది.

కొన్నిసార్లు తేడా ఒక్క గీతే ఉంటుంది. మోటారుకు వెళ్లే దెబ్బలు ఒకసారి ఇటు, ఒకసారి అటు దిశలో మారుతూ ఉండాలి. కొత్త సెల్లు పడ్డాక మొదటి దెబ్బ, అయస్కాంతం అప్పటికే తిరిగి ఉన్న దిశలోనే వస్తే అది కదలదు. ఐసీ మాత్రం ఒక అడుగు వేసినట్టే రాసుకుంటుంది. ముల్లు ఒక గీత వెనకబడుతుంది. అందుకే సెల్లు మార్చాక స్టాప్‌వాచ్‌ను ఒకసారి నడిపి ఆపి చూడకుండా వాచీ చేతికివ్వకూడదు.

ఇలాంటి తేడాను గుర్తుపట్టడం తేలిక. పై బటన్‌తో నడిపి, ఆపి, కింది బటన్‌తో రీసెట్ చేయాలి. ఇలా నాలుగైదుసార్లు చేసినా ముల్లు ప్రతిసారీ అదే తప్పు చోటికి వస్తే, తప్పయినా నిలకడగా వస్తే, పోయింది లెక్క మాత్రమే. ముల్లు, చక్రం, మోటారు అన్నీ బాగున్నట్టే. మూత కూడా తీయకుండా సరిచేయొచ్చు.

ఈ రోండా మిషనులో ఆ పద్ధతి ఇలా ఉంటుంది. ముందు స్టాప్‌వాచ్‌ను ఆపి రీసెట్ చేయాలి. కీని పూర్తిగా, అంటే టైమ్ తిప్పే మెట్టు దాకా బయటికి లాగాలి. కొత్తవాళ్లు తేదీ మార్చే మెట్టు దగ్గరే ఆగిపోతారు, అక్కడ ఇది పనిచేయదు. ఇప్పుడు పైదీ కిందిదీ రెండు బటన్లూ ఒకేసారి నొక్కి కనీసం రెండు సెకన్లు పట్టుకోవాలి. మధ్య ముల్లు ఉన్నచోటి నుంచి ఒక పూర్తి చుట్టు తిరిగి వస్తుంది. "నేను సర్దుబాటుకు సిద్ధం" అని అది చెప్పే విధం అదే. ఆ చుట్టు తిరగలేదంటే సర్దుబాటులోకి వెళ్లలేదన్నమాట. కీని లోపలికి నెట్టి మళ్లీ మొదలుపెట్టాలి.

తర్వాత పై బటన్ ఒకసారి నొక్కితే మధ్య ముల్లు ఒక అడుగు కదులుతుంది, నొక్కి పట్టుకుంటే గబగబా పోతుంది. పన్నెండు దగ్గరికి వస్తుండగా వేలు తీసేసి, చివరి రెండు మూడు అడుగులు ఒక్కొక్కటిగా వేయించాలి. దాటిపోతే వెనక్కి లాగడం కుదరదు, మళ్లీ చుట్టు తిప్పి రావాల్సిందే. మధ్యది కుదిరాక కింది బటన్ నొక్కితే సర్దుబాటు తర్వాతి ముల్లుకు మారుతుంది. దాన్నీ పై బటన్‌తోనే సున్నాకు తెచ్చి, మళ్లీ కింది బటన్‌తో మూడోదానికి వెళ్లాలి. మూడూ సున్నా మీదికి వచ్చాక కీని లోపలికి నెడితే, అప్పుడు ముళ్లు ఉన్న చోట్లనే ఐసీ సున్నాలుగా రాసుకుంటుంది.

ఆరోజు మాస్టారి ముందే ఇదంతా చేశాను. పొడవు ముల్లు చుట్టూ తిరిగి పన్నెండు మీద ఆగింది. చిన్నది నాలుగు నుంచి జరిగి సున్నా మీదికి వచ్చింది. రెండుసార్లు నడిపి ఆపి చూశాను, రెండూ సున్నాకే వచ్చాయి. "అంతేనా? మూత కూడా తీయలేదే?" అని ఆశ్చర్యపోయారు. అంతేనండీ అన్నాను. నూటయాభై తీసుకున్నాను.

పదిరోజులకు మళ్లీ వచ్చారు.

చిన్న ముల్లు సున్నా మీద బిగుసుకున్నట్టు నిలబడి ఉంది. పొడవు ముల్లు మాత్రం పన్నెండుకు రెండు గీతలు ఇవతల ఉంది. అంటే ఈసారి పన్నెండు చేరకుండానే ఆగుతోంది. పోయినసారి దాటింది, ఈసారి చేరలేదు. పోయినసారి వినీ వినని ఆ మాట అప్పుడు గుర్తొచ్చింది. పెద్దది సెల్లు వేసిన రోజు బాగానే ఉండి తర్వాత జరిగింది, చిన్నది మొదటి నుంచీ అక్కడే ఉంది. లెక్క పోయిన ముల్లు సెల్లు వేసిన క్షణం నుంచే తప్పు చూపాలి. రెండు రోజులు బాగుండి తర్వాత జరిగే ముల్లుది లెక్క జబ్బు కాదు. ఫిర్యాదు ఒకటే అయినా జబ్బులు రెండు. నేను రెండింటికీ ఒకే మందు వేశాను.

మొదట సెల్లును అనుమానించాను. రీసెట్‌లో ముల్లు వేగంగా తిరిగేటప్పుడు మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. సెల్లు బలహీనంగా ఉంటే కొన్ని దెబ్బలకు అయస్కాంతం తిరగలేదు, ముల్లు అక్కడక్కడా అడుగులు ఎగ్గొడుతుంది. చవక ఆల్కలైన్ సెల్లు వేసినచోట ఇది జరుగుతుంది. సిల్వర్ ఆక్సైడ్ సెల్లు ఆయుష్షు మొత్తం దాదాపు 1.55 వోల్టుల దగ్గరే నిలబడి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. ఆల్కలైన్ 1.5 దగ్గర మొదలై రోజురోజుకూ జారుతూ పోతుంది. సైజు ఒకటే, ధరలో చాలా తేడా, అందుకే చాలాచోట్ల అదే వేస్తారు. సెల్లు మీద ఎస్ఆర్ అని మొదలైతే సిల్వర్, ఎల్ఆర్ అనో ఏజీ అనో ఉంటే ఆల్కలైన్. మూత తీసి చూశాను. ఈ మిషనుకు వేయాల్సిన 395 నంబరు సిల్వర్ సెల్లే ఉంది. మీటరులో 1.55 చూపింది. వేరేచోట మార్చినవాళ్లు ఆ విషయంలో నిజాయితీగానే ఉన్నారు.

ఇక మిగిలింది ముల్లు. దీనికి పరీక్ష చాలా సులువు, పోయినసారే చేసి ఉండాల్సింది. స్టాప్‌వాచ్ ఆపి, ముల్లు సున్నా మీద ఉండగా కీని బయటికి లాగి వాచీని ఆపేశాను. ఇప్పుడు ఏ మోటారుకూ దెబ్బ పోదు. ఏ ముల్లు కదిలినా అది కరెంటు వల్ల కాదు. వాచీని నిలువుగా పట్టుకుని ఎడమ అరచేతి మీద పక్కవాటుగా నాలుగుసార్లు మెల్లగా తట్టాను. పొడవు ముల్లు ఒక గీత జారింది. ఇంకో నాలుగు తట్టులకు మరో సగం గీత. మాస్టారికి భూతద్దం ఇచ్చి చూపించాను. "అంటే వదులైందన్నమాట" అన్నారు.

అవును. ముల్లు మధ్యలో అడుగున ఒక చిన్న ఇత్తడి గొట్టం ఉంటుంది. మిషను మధ్యలోంచి పైకి వచ్చిన సన్నటి ఇరుసు మీద ఆ గొట్టం బిగువుగా కూర్చోవాలి. స్క్రూ ఉండదు, జిగురు ఉండదు, ఆ బిగువే పట్టు. ఆ బిగువు పోతే ఇరుసు తిరిగినా ముల్లు కొంత వెనకబడుతుంది, ఇరుసు ఆగినా ముల్లు తన ఊపుతో కొంత ముందుకు పోతుంది. అందుకే ఒకసారి దాటింది, ఒకసారి చేరలేదు. బటన్లతో ఎన్నిసార్లు సున్నాకు తెచ్చినా ఐసీ సున్నా కుదురుతుంది గానీ ముల్లు నిలవదు.

మరి వదులెందుకైంది? మాస్టారిని అడిగాను. కాస్త ఆలోచించి, "సెల్లు వేసినాయన ముందు వైపు కూడా తీశాడయ్యా. పెద్దముల్లు పక్కకు ఉందంటే ఏదో పట్టకారుతో పీకి మళ్లీ పెట్టాడు" అన్నారు. ఆ మాటతో మిగతా కథ తేలిపోయింది. సెల్లు వేయగానే రెండు ముళ్లూ తప్పు చోటే ఉన్నాయి. బటన్లతో సరిచేయొచ్చని ఆయనకు తెలియక, పొడవు ముల్లును పీకి చేత్తో పన్నెండు మీద నొక్కాడు. చిన్నదాన్ని ముట్టుకోలేదు. చిన్నది కాబట్టి మాస్టారు గమనించరనుకున్నాడేమో. పీకేటప్పుడు గొట్టం నోరు కొద్దిగా సాగింది. రెండు రోజులు నిలిచింది, తర్వాత జారింది.

రెండోసారి వచ్చినరోజు వాచీని నా దగ్గరే ఉంచుకున్నాను. మిషనును వాచీ కేసులోంచి తీయడానికి ముందు కీకి లోపల ఉండే కాడను వదిలించాలి. దానికి మిషను మీద ఒక చిన్న నొక్కుడు చుక్క ఉంటుంది. దాన్ని సూదితో మెల్లగా నొక్కితే కాడ బయటికి వస్తుంది. బలంగా నొక్కితే లోపలి మీట వంగిపోతుంది, అప్పుడు కీ తిప్పితే టైమ్ మారదు. మిషను బయటికి వచ్చాక ఐ-గ్లాసు కింద పెట్టి చూస్తే డయల్ మధ్యలో సన్నటి గీతలు రెండు కనబడ్డాయి. ఎవరో డయల్‌కు అడ్డం పెట్టకుండా లోహపు పట్టకారుతో ముల్లును ఎత్తారు. ఆ గీతలు పోవు. మాస్టారికి ఉన్నదున్నట్టు చెప్పాను.

గంటల ముల్లు దగ్గర కూడా తేడా కనబడింది. నిమిషాల ముల్లును సరిగ్గా పన్నెండు మీద పెడితే గంటల ముల్లు గీతకు కాస్త ఇవతలే ఉంది. పన్నెండు దగ్గర, మూడు దగ్గర, ఆరు దగ్గర, తొమ్మిది దగ్గర చూశాను. నాలుగు చోట్లా తేడా ఒకటే, ఒకే వైపు. ప్రతిచోటా ఒకేలా ఉంటే ముల్లు కూర్చున్న కోణం తప్పు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటే డయలే పక్కకు జరిగి ఉంటుంది, అప్పుడు ముళ్లను ఎంత సర్దినా లాభం లేదు. ఇక్కడ కోణమే తప్పు. పొడవు ముల్లు పీకేటప్పుడు పట్టకారు దీనికీ తగిలి ఉంటుంది. సరే, ఎలాగూ విప్పాం కదా అని మధ్యలోని మూడు ముళ్లనూ తీశాను.

తీసే పని తేలికే, తొందరపడకపోతే. ముళ్లన్నిటినీ ముందు పన్నెండు మీద ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెట్టాను. డయల్ మీద నడుమ చీల్చిన సన్నటి ప్లాస్టిక్ ముక్కను పరిచి, రెండు వైపులా రెండు చిన్న మీటలు ఆనించి ఒకేసారి సమానంగా పైకెత్తాను. ఒకవైపే ఎత్తితే గొట్టం పక్కకు ఒత్తుకుని నోరు సాగుతుంది. ఈ వాచీకి జరిగింది అదే.

సాగిన గొట్టాన్ని బిగించడం వేళ్లకు అలవాటు కావలసిన పని. పిన్ వైస్ అనే చిన్న బిగింపు పనిముట్టు నోట్లో గొట్టాన్ని నిలువుగా పెట్టి, వైస్ మూతను వెంట్రుక వాసి తిప్పి ఒత్తాలి. ఇరుసు మీద పెట్టి చూడాలి. వదులుగా ఉంటే ఇంకొంచెం తిప్పాలి. నాకు మూడోసారికి కుదిరింది. ఎక్కువ బిగిస్తే ముల్లు కిందికి దిగదు, బలవంతంగా నొక్కితే ఇరుసు వంగుతుంది. ఇక్కడ కొందరు సూపర్ గ్లూ చుక్క వేస్తారు. దయచేసి వద్దు. దాని ఆవిరి మూసిన కేసులో అద్దం లోపలి వైపు తెల్లటి పొరలా పేరుకుంటుంది, చుక్క కాస్త కిందికి పాకితే ఇరుసూ పక్క గొట్టమూ అతుక్కుని మిషనే పోతుంది.

ఇక తిరిగి పెట్టడం. ఈ పనిలో వరుస తప్పితే మళ్లీ మొదటికి వస్తుంది.

ముందు తేదీ. గంటల ముల్లు పెట్టకముందే కీతో టైమ్ తిప్పుతూ తేదీ కిటికీ చూస్తూ ఉండాలి. అంకె పూర్తిగా మారిన క్షణాన ఆగాలి. అదే అర్ధరాత్రి పన్నెండు. అప్పుడు గంటల ముల్లును పన్నెండు మీద, నిమిషాల ముల్లును పన్నెండు మీద పెట్టాలి. తేదీని పట్టించుకోకుండా పన్నెండు మీద పెట్టేస్తే, వాచీ మధ్యాహ్నమో, సాయంత్రం నాలుగింటికో తేదీ మారుస్తుంది. రెండు ముళ్లు పెట్టాక కీతో పన్నెండు గంటలు మొత్తం తిప్పి, ప్రతి గంట గీత దగ్గర నిమిషాల ముల్లు పన్నెండు మీదికి రాగానే గంటల ముల్లు గీత మీదే ఉందా అని చూశాను. కుదిరింది. ముళ్లు ఒకదానికొకటి తగలకుండా మధ్య సందు ఉందా అని పక్కనుంచి కూడా చూసుకోవాలి.

పొడవు ముల్లు చివర్లో. దీన్ని పెట్టేముందు మిషనులో సెల్లు వేసి, కాడ పెట్టి, స్టాప్‌వాచ్‌ను ఒకసారి నడిపి, ఆపి, రీసెట్ చేశాను. ఇరుసు ఇప్పుడు తన సున్నా దగ్గర ఉంది. పోయినసారి బటన్లతో జరిపిన అడుగుల సంగతి ఏమిటి అనుకోవచ్చు. వాటితో పనిలేదు. ఇరుసుకు పన్నెండు అంటూ ఏమీ లేదు, ఐసీ ఎక్కడ సున్నా అనుకుంటుందో అక్కడ ముల్లును పన్నెండు మీద నొక్కితే చాలు.

ఆ "మీద" అన్న మాట దగ్గర మాత్రం జాగ్రత్త. బటన్లతో ముల్లును పూర్తి అడుగులుగానే జరపగలం, అర అడుగు జరపలేం. ముల్లును నొక్కేటప్పుడు గీతకు అర గీత పక్కన కూర్చోబెడితే, తర్వాత బటన్ ఎన్నిసార్లు నొక్కినా అది ప్రతిచోటా రెండు గీతల మధ్యే ఆగుతుంది. చాలా వాచీల్లో ఇలా కనబడుతుంది, వాచీ కట్టుకున్నవాళ్లు జీవితమంతా అలాగే చూస్తూ ఉంటారు. నిట్టనిలువుగా పైనుంచి ఐ-గ్లాసుతో చూసి ముల్లు మొన గీత మధ్యలో ఉందనిపించాక, ముందు తేలికగా ఆనించి, మళ్లీ చూసి, అప్పుడు నొక్కాను. పక్కనుంచి చూసి నొక్కితే కన్ను మోసం చేస్తుంది. నొక్కేటప్పుడు మిషను వెనక కింద గట్టి ఆధారం, అంటే మిషను హోల్డరు, ఉండాలి. అది లేకుండా నొక్కితే ఆ బలమంతా లోపలి సన్నటి చక్రాల మీద పడుతుంది.

బిగింపు చూడటానికి మొదటి పరీక్షనే మళ్లీ చేశాను. కీ బయటికి లాగి, నిలువుగా పట్టుకుని, అరచేతి మీద ఈసారి ఇరవైసార్లు తట్టాను. కదల్లేదు. తర్వాత పదిసార్లు నడిపి రీసెట్ చేశాను. అందులో ఒకసారి అరగంట దాటనిచ్చాను, నిమిషాల ముల్లు కూడా పూర్తిగా తిరిగి రావాలి కదా. పదిసార్లూ అన్ని ముళ్లూ సున్నాకే వచ్చాయి. మిషనును కేసులో పెట్టి, రాత్రంతా బల్ల మీద ఉంచి, పొద్దున చూశాను. తేదీ మారింది, ముల్లు పన్నెండు మీదే ఉంది.

మాస్టారు వచ్చినప్పుడు టైమ్ కలపడం కూడా చూపించాను. ఎందుకంటే ఆయన కలిపినప్పుడల్లా నిమిషాల ముల్లు రెండు గీతల మధ్య ఉండిపోతోందని ఇంకో ఫిర్యాదు. దానికి కారణం వాచీ కాదు. చిన్న డయల్లోని మామూలు సెకన్ల ముల్లు సరిగ్గా పన్నెండు మీదికి వచ్చినప్పుడే కీని బయటికి లాగాలి. అప్పుడది అక్కడే ఆగుతుంది. తర్వాత నిమిషాల ముల్లును కావలసిన నిమిషం కంటే నాలుగైదు గీతలు ముందుకు పోనిచ్చి, వెనక్కి తిప్పుతూ తెచ్చి సరిగ్గా గీత మీద ఆపాలి. ముందుకు తిప్పుతూ తెస్తే పళ్లచక్రాల మధ్య ఉన్న వదులు వల్ల వాచీ మొదలయ్యాక ముల్లు కాసేపు కదలకుండా ఉండిపోతుంది. ఫోన్లో ఆ నిమిషం మారగానే కీని లోపలికి నెట్టాలి. సెకన్లు ముప్పై దగ్గర ఉండగా కీ లాగి నిమిషాన్ని గీత మీద పెడితే, సెకన్లు పన్నెండుకు వచ్చేసరికి నిమిషాల ముల్లు గీతల మధ్యలో ఉంటుంది. చదువుకున్నవాళ్లు కూడా దీన్ని వాచీ లోపం అనుకుంటారు. లెక్కల మాస్టారు కాబట్టి ఆయనకు ఒక్కసారి చెబితే అర్థమైంది.

ఈ కేసు రోండా మిషనుది కాబట్టి మిగతావాటి గురించి ఒక మాట. బటన్లతో సున్నా కలిపే పద్ధతి మిషనును బట్టి మారుతుంది. మియోటా క్రోనోల్లో కీని రెండో మెట్టుకు లాగి పై బటన్‌తో ముల్లును తెస్తాం. ముల్లు ఇంకా తిరుగుతుండగానే కీ లోపలికి నెట్టేస్తే, అది ఎక్కడ ఆగితే అదే సున్నాగా ఉండిపోతుంది. నేర్చుకునే కుర్రాళ్లు చేసే తప్పు ఇది, మళ్లీ చేస్తే సరిపోతుంది. సీకో క్రోనో మిషన్లలో సెల్లు వేశాక ఏసీ అని గుర్తున్న చోటుకూ సెల్లు ప్లస్ వైపుకూ లోహపు ట్వీజర్‌ను రెండు సెకన్లు తాకించి ఐసీని మొదటికి తెచ్చాకే ఈ పని మొదలుపెట్టాలి. అది చేయకపోతే వాచీ విచిత్రంగా ప్రవర్తిస్తుంది. సీకో వీకే63, వీకే64 లాంటి మిషన్లు వేరే జాతి. వాటిలో మధ్య ముల్లు బటన్ నొక్కగానే తిరగకుండా ఒక్క ఉదుటున టక్కున పన్నెండుకు దూకుతుంది. సున్నాకు తెచ్చేది మోటారు కాదు, హృదయాకారపు పళ్లెం మీద పడే మీట. అవి పన్నెండు తప్పాయంటే బటన్లతో ఏమీ చేయలేం, ముల్లు తీసి మళ్లీ పెట్టాల్సిందే. కాబట్టి ముల్లు ఎలా తిరిగి వస్తోందో మొదటి నిమిషంలోనే చూడాలి. మెల్లగా తిరిగి వస్తే బటన్ల సర్దుబాటు పనికి రావచ్చు, దూకితే పనికి రాదు.

ఈ కేసు తర్వాత నా కొట్టులో రెండు అలవాట్లు మారాయి. క్రోనో వాచీ సెల్లు మార్చడానికి వస్తే, పాత సెల్లులో ఇంకా ప్రాణం ఉంటే, మూత తీయకముందే స్టాప్‌వాచ్ నడుస్తుంటే ఆపి, కింది బటన్ నొక్కి సున్నాకు తెస్తాను. కొత్త సెల్లు పడేటప్పటికి ముళ్లు సున్నా దగ్గరే ఉంటాయి, లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. సర్దుబాటు పని చాలాసార్లు ఉండనే ఉండదు. రెండోది, బటన్లతో సున్నా కలపడానికి ముందు ప్రతి వాచీనీ అరచేతి మీద నాలుగుసార్లు తడతాను.

మాస్టారు రెండోసారి డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. మొదటి రోజే తట్టి చూసి ఉంటే ఆయన మంగళగిరి నుంచి ఇంకోసారి బస్సెక్కే పని ఉండేది కాదు. ఆయన వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, పై బటన్ నొక్కి, ముప్పై దాకా చూసి, ఆపి, కింది బటన్ నొక్కి, ముల్లు పన్నెండు మీద ఆగేదాకా కళ్లజోడు సర్దుకుంటూ చూశారు. తర్వాత వాచీ మణికట్టుకు పెట్టుకుని, అరచేతి మీద నాలుగుసార్లు తట్టి, మళ్లీ చూసి వెళ్లారు.